పాత పుస్తకాల వారాంతపు అమ్మకం: ధరల శ్లాబులు, మార్పిడి నియమాలు తేల్చుకుని ప్రకటన రాయడం ఎలా

పాత పుస్తకాల అమ్మకానికి ప్రకటన రాయాలని కూర్చోగానే చాలామంది మొదట రాసేది "భారీ తగ్గింపు". చదివినవాళ్లకు దాంతో ఏమీ తెలియదు. వాళ్లు అడిగేవి నాలుగు: ఏ పుస్తకాలున్నాయి, ఎంతకిస్తారు, నా దగ్గరున్న పుస్తకం తెస్తే తీసుకుంటారా, ఎప్పటిదాకా ఉంటారు. వీటికి సూటిగా జవాబు చెప్పాలంటే ముందు మీ దగ్గర ఆ జవాబులుండాలి. అందుకే ప్రకటన రాయడం ఈ పనిలో దాదాపు చివరి మెట్టు. శ్లాబులు, మార్పిడి నియమాలు రెండూ కలిపి తేల్చుకున్నాకే రాయడానికి కూర్చోండి. విడివిడిగా తేల్చుకుంటే శనివారం మధ్యాహ్నానికే ఒకదానికొకటి అడ్డం పడతాయి.

ముందు పుస్తకాలు విడదీయండి

అట్ట మీద అచ్చయిన ధరలో సగం, పావు అని పెట్టే పద్ధతి చూడటానికి తేలిగ్గా ఉంటుంది. పాత పుస్తకాల దగ్గర అది పనికిరాదు. పదేళ్ల కిందటి ముద్రణ మీద ఒక ధర, అదే పుస్తకం నిరుటి ముద్రణ మీద దానికి రెండింతల ధర ఉంటాయి. రెండిటిలోనూ ఉన్నది ఒకటే. ఇప్పుడు దొరకని పుస్తకం మీద అచ్చయిన ధర మరీ చిన్నదై ఉంటుంది. లావును బట్టి, బరువును బట్టి ధర పెట్టినా ఇంతే: ఎవరూ అడగని పాత డైరెక్టరీ, అందరూ వెతికే సన్నని కథల సంపుటి కన్నా ఖరీదైపోతుంది.

పుస్తకాన్ని చేతిలోకి తీసుకుని రెండే ప్రశ్నలు వేసుకోండి. దీన్ని అడిగి కొనేవాళ్లుంటారా? ఇది చదవడానికి బాగుందా? రెండిటికీ అవునైతే పై శ్లాబు. మొదటిదానికే అవునైతే మధ్య శ్లాబు. అడిగేవాళ్లు తక్కువే అయినా పేజీలన్నీ ఉన్నవి కింది శ్లాబు. రెండిటికీ కాదు అనిపించింది అమ్మకానికే రాకూడదు. అలాంటివి బల్ల మీద పరిస్తే పక్కనున్న మంచి పుస్తకం మీద కూడా అనుమానం పుడుతుంది.

బాగుందో లేదో అట్ట చూసి తేల్చకండి. పుస్తకాన్ని నడిమికి తెరవండి. గమ్ బైండింగ్ పాతబడితే జిగురు ఎండి, తెరవగానే వెన్ను దగ్గర చిటుక్కుమంటుంది, ఒకటి రెండు పేజీలు చేతికొస్తాయి. కుట్టు బైండింగ్‌లో పేజీలు అంత తేలిగ్గా ఊడవు గానీ ఒక ఫారం మొత్తం లేకపోయే ప్రమాదముంది. ఫారం అంటే సాధారణంగా 16 పేజీలు కాబట్టి పేజీ అంకె 64 నుంచి ఒక్కసారిగా 81కి దూకిందంటే మధ్యలో ఒక ఫారం ఎగిరిపోయినట్టే. ఒకే ఫారం రెండుసార్లు పడటం, తలకిందులుగా కుట్టడం కూడా జరుగుతుంటాయి. వేలితో పేజీ అంకెలు గబగబా తిప్పి చూడటానికి అర నిమిషం చాలు. డిటెక్టివ్ నవలకైతే చివరి పేజీ ఉందో లేదో తప్పక చూడండి. కాగితం అంచులు పసుపెక్కడం, గోధుమరంగు చుక్కలు రావడం వయసుతో వచ్చేవే, వాటి వల్ల పుస్తకం చెడిపోయినట్టు కాదు. బూజు వాసన వస్తే మాత్రం ఆ పుస్తకాన్ని వెంటనే వేరుచేయండి, చెమ్మ ఉంటే పక్క పుస్తకాలకూ పాకుతుంది.

మూడు శ్లాబులు చాలు

అయిదారు శ్లాబులు పెడితే పుస్తకాలకు న్యాయం జరుగుతుందనిపిస్తుంది. కానీ డబ్బు కట్టే చోట వరుస పెరిగినప్పుడు ఎవరి చేతిలో ఎన్ని ఏ శ్లాబువో లెక్కపెట్టడం కష్టమవుతుంది. కొనేవాళ్లకూ గుర్తుండవు. మూడు శ్లాబులు పెట్టి, అరుదైనవి, సంతకాలున్నవి, పూర్తి సెట్లుగా ఉన్నవి ఓ పాతిక లోపే ఉంటే వాటిని "విడిగా ధర" అని ఒక చిన్న బల్ల మీద పెట్టండి.

పై రెండు శ్లాబులూ కింది దానికి సరిగ్గా గుణిజాలై ఉండాలి. కింది శ్లాబు ధరను ఒక వంతు అనుకుంటే మధ్యది మూడు వంతులు, పైది ఆరు వంతులు పెట్టుకోవచ్చు. ఇలా ఉంటే నోటి లెక్కతో పని జరిగిపోతుంది, చిల్లర బాధ తగ్గుతుంది. మార్పిడి దగ్గర ఇది మరీ అక్కరకొస్తుంది, ఆ సంగతి కాసేపట్లో చెబుతాను. పై శ్లాబు ధర, అవే పుస్తకాలు కొత్తవి ఇప్పుడు దొరికే ధరలో సగం దాటకుండా చూసుకోండి. సగం దాటితే కొనేవాళ్లు "ఇంకాస్త వేసుకుంటే కొత్తదే వస్తుంది కదా" అంటారు, ఆ మాట న్యాయమే.

ఇప్పుడు లెక్క వేసి చూద్దాం. మీ దగ్గర 600 పుస్తకాలున్నాయనుకోండి. విడదీస్తే కింది శ్లాబులో 320, మధ్యలో 200, పైన 80 వచ్చాయి. అన్నీ అమ్ముడైతే 320, 600, 480 కలిపి 1400 వంతులు. మీరు కొన్న ధర సగటున పుస్తకానికి ఒక వంతు, చోటు అద్దె, బల్లలు, అచ్చు ఖర్చు కలిపి ఇంకో 100 వంతులు అనుకుంటే మీ పెట్టుబడి 700. అంటే ప్రతి శ్లాబులో సగం కదిలితే పెట్టుబడి చేతికొస్తుంది.

అన్ని శ్లాబులూ సమానంగా కదలవు. పై శ్లాబులో 60, మధ్యలో 90, కింద 120 అమ్మితే 360, 270, 120 కలిపి 750 వంతులు. అమ్మినవి 270 పుస్తకాలే అయినా గట్టెక్కారు. అదే పైన 10, మధ్యలో 80, కింద 250 అమ్మారనుకోండి. పోయినవి 340 పుస్తకాలు, వచ్చింది 550 వంతులే. బల్లలు ఖాళీ అయినా జేబు నిండలేదన్నమాట. ఈ తేడా ముందే కళ్లకు కడితే ప్రకటనలో దేన్ని ముందు పెట్టాలో మీకే తెలుస్తుంది. కింది శ్లాబు ధర చూసి జనం వస్తారు, డబ్బు మాత్రం పై రెండు శ్లాబుల నుంచే వస్తుంది. అందుకే ప్రకటనలో ధర కింది శ్లాబుది కనిపించాలి, ఫొటోలు పై రెండు శ్లాబులవి ఉండాలి.

గుర్తు పెట్టడం

అట్ట మీద స్టిక్కర్ అంటించకండి. నున్నని లామినేషన్ అట్ట నుంచి తేలిగ్గానే వస్తుంది గానీ పాత కాగితపు అట్ట మీద నుంచి పీకితే బొమ్మ కూడా ఊడివస్తుంది. శ్లాబుకొక రంగు కాగితం చీటీలు కోసి, పైకి కాస్త కనిపించేలా పేజీల మధ్య పెట్టండి. పసుపు కింది శ్లాబు, ఆకుపచ్చ మధ్యది, ఎరుపు పైది. చీటీ ఒక్కదాన్నే నమ్ముకోవద్దు, అది జారిపోతుంది, అప్పుడప్పుడు ఒకదాంట్లోది ఇంకోదాంట్లోకి మారిపోతుంది. లోపలి మొదటి పేజీ పైమూలన మెత్తని పెన్సిల్‌తో ప, ఆ, ఎ అని ఒక్క అక్షరం రాయండి. డబ్బు తీసుకునేవాళ్లు ఆ అక్షరాన్నే చూడాలి, చీటీని కాదు. పెన్సిల్ గుర్తు కొన్నవాళ్లు తుడిచేసుకోవచ్చు, పుస్తకానికి మచ్చ ఉండదు. పెన్ను వాడటం మాత్రం తగదు.

గుర్తు పెడుతున్నప్పుడే పేజీలు ఓసారి దులపండి. ఉత్తరాలు, ఫొటోలు, ఎండిన పూలు, ఒక్కోసారి నోట్లు కూడా దొరుకుతుంటాయి. ఎవరి దగ్గర కొన్నారో గుర్తుంటే వాళ్లకు చేర్చేయండి.

మార్పిడి: అసలు చిక్కు ఇక్కడే

"ఒక పుస్తకం తెండి, ఒక పుస్తకం తీసుకెళ్లండి" అనే మాట వినడానికి బాగుంటుంది. అలాగే రాసి వదిలేస్తే మాత్రం సిలబస్ మారిపోయిన గైడ్లు, ఎప్పటివో ఆదాయపన్ను కరదీపికలు, సెట్‌లో ఒకే ఒక్క సంపుటం తెచ్చి మీ ఎరుపు చీటీ పుస్తకాన్ని పట్టుకెళతారు. వాళ్లను తప్పుపట్టే పని లేదు, మీరు రాసిన మాట ప్రకారమే చేశారు. కాబట్టి నియమం ఇలా ఉండాలి: తెచ్చిన పుస్తకం మీ బల్ల మీద ఏ శ్లాబులో కూర్చునేదో అదే దాని విలువ.

లోపలికి వచ్చే దారిలోనే మార్పిడికి ఒక చిన్న బల్ల వేసి, పుస్తకాలు తెలిసిన మనిషినొకరిని కూర్చోబెట్టండి. మీ పుస్తకాలకు చేసిన పరీక్షే తెచ్చినవాటికీ చేయాలి: నడిమికి తెరవడం, పేజీ అంకెలు తిప్పడం, వాసన చూడటం. ఆకుపచ్చ విలువ చేస్తే ఆకుపచ్చ టోకెన్, పసుపైతే పసుపు టోకెన్ చేతికివ్వండి. టోకెన్ మీద మీ ముద్ర, ఆ వారాంతపు తేదీలు ఉండాలి. ఆ టోకెన్‌తో అదే రంగు పుస్తకం ఒకటి తీసుకోవచ్చు. కిందికి దిగడం ఎప్పుడైనా సరే, ఆకుపచ్చ టోకెన్‌కు పసుపు పుస్తకాలు మూడు వస్తాయి. పైకెక్కాలంటే తేడా డబ్బు కట్టాలి, పసుపు టోకెన్‌తో ఆకుపచ్చ పుస్తకం కావాలంటే ఇంకో రెండు వంతులు. గుణిజాలుగా ధరలు పెట్టమన్నది ఇందుకే. మూడు పసుపు టోకెన్లు కలిపి ఒక ఆకుపచ్చ పుస్తకం ఇవ్వమని అడుగుతారు, ఒప్పుకోకండి. ఒప్పుకుంటే ఎవరికీ అక్కర్లేని పుస్తకాలు మీ బల్ల మీద గుట్టలు పడతాయి.

ఎరుపు చీటీ పుస్తకాలు మార్పిడికి లేవని ముందే చెప్పేయండి. ఎవరైనా ఎరుపు విలువ చేసే పుస్తకమే తెస్తే? వాళ్లకు రెండు ఆకుపచ్చ టోకెన్లు ఇవ్వండి. లెక్క సరిపోతుంది, వాళ్లకూ నష్టం లేదు. టోకెన్‌కు డబ్బు తిరిగివ్వడం ఉండదు, ఆదివారం మూసే వేళతో దానికి విలువ పోతుంది.

మనిషికి మూడు పుస్తకాలకు మించి తీసుకోకండి. ఈ హద్దు ఎందుకో పైన వేసిన లెక్కలోనే ఉంది. ఆకుపచ్చవి 40 మార్పిడిలో వెళ్లాయనుకోండి. 120 వంతుల సరుకు పోయి, అంతే విలువైన వేరే సరుకు వచ్చింది, చేతికి డబ్బు మాత్రం రాలేదు. ఆ 40 మందీ డబ్బిచ్చి కొనేవాళ్లే అయితే 750 కాస్తా 630 అవుతుంది, పెట్టుబడి కన్నా 70 తక్కువ. అందరూ కొనేవాళ్లేమీ కాదు, మార్పిడికని వచ్చి ఇంకో రెండు కొనుక్కుని వెళ్లేవాళ్లు చాలామందే ఉంటారు. అందుకే మార్పిడి మానేయమని అనను, హద్దు పెట్టుకోమంటాను. ఒక్కో మార్పిడికి కొంచెం రుసుము తీసుకునేవాళ్లున్నారు. నాకది నచ్చదు. పుస్తకం తెచ్చి పుస్తకం పట్టుకెళ్లే సంతోషం అక్కడితో తగ్గిపోతుంది, పైగా ఆ చిన్న రుసుముతో మీ లోటూ తీరదు.

తీసుకోకూడనివి ప్రకటనలోనే పేరుపెట్టి చెప్పాలి. జిరాక్స్ ప్రతులు, దొంగ ముద్రణలు వద్దు. అక్షరాలు అలికినట్టుండటం, మార్జిన్లు ఒక పక్కకు ఒరిగిపోవడం, అట్ట బొమ్మ వెలిసినట్టు మసకగా ఉండటం దొంగ ముద్రణకు గుర్తులు. గ్రంథాలయం ముద్ర ఉండి, తొలగించినట్టు ఇంకో ముద్ర లేని పుస్తకం తిరిగివ్వాల్సిన సొత్తు కావచ్చు, దాన్నీ తీసుకోవద్దు. సిలబస్ మారిన పాఠ్యపుస్తకాలు, గైడ్లు, రాసి నింపిన వర్క్‌బుక్కులు, విడి మ్యాగజైన్లు కూడా వద్దు.

పురుగుల విషయంలో మొహమాటపడకండి. వెన్ను దగ్గర సన్నని పొడి రాలుతున్నా, అట్ట పైపొరను గీకి తిన్నట్టు మచ్చలున్నా, పేజీల మధ్య తెల్లని చిన్న పురుగులు పాకుతున్నా ఆ పుస్తకాన్ని బల్ల మీద పెట్టనివ్వొద్దు, మర్యాదగా వెనక్కిచ్చేయండి. అమ్మకం అయ్యాక మీ సొంత సరుకులో అలాంటిది కనబడితే పాలిథిన్ సంచిలో గాలి చొరకుండా మూసి, మైనస్ 18 డిగ్రీల ఫ్రీజర్‌లో రెండు వారాలుంచండి. బయటికి తీశాక గది వేడికి వచ్చేదాకా సంచి విప్పకూడదు, విప్పితే చెమ్మంతా కాగితానికి పడుతుంది. చలికి పురుగులు చస్తాయి గానీ బూజు చావదు, కొంతకాలం ఎదుగుదల ఆగుతుందంతే.

తెచ్చిన పుస్తకాలను ఆ పూటే పెన్సిల్ గుర్తు పెట్టి బల్ల మీదకు చేర్చండి. శనివారం పొద్దున వచ్చిన పుస్తకం సాయంత్రానికి ఇంకొకరి చేతిలో ఉండాలి, మార్పిడికి అర్థం అదే. ఈ కారణంగానే తీసుకోవడం ఆదివారం మధ్యాహ్నంతో ఆపేయాలి. ఆ తర్వాత వచ్చినవాటికి చూసేవాళ్లుండరు, అవి మీ ఇంటికే చేరతాయి.

ఆఖరి రెండు గంటలు

ఆదివారం చివర్లో ధరలు తగ్గించే మాట ముందే చెప్పాలా వద్దా? అన్ని శ్లాబులకూ తగ్గిస్తామని చెబితే శనివారం రావాల్సినవాళ్లు ఆదివారం దాకా ఆగుతారు. కాబట్టి తగ్గింపు పసుపు చీటీలకు మాత్రమే పెట్టండి: చివరి రెండు గంటలూ సంచి నిండా ఒకే ధర. సంచి మీరే ఇవ్వాలి, లేకపోతే గోనెసంచితో వస్తారు. ఎరుపు, ఆకుపచ్చ ధరలు చివరిదాకా కదలకూడదు. మిగిలిన మంచి పుస్తకం మళ్లీ అమ్ముకోవచ్చు, మిగిలిన పసుపు పుస్తకాలు మోసుకెళ్లడమే దండగ.

ఇప్పుడు ప్రకటన

మొదటి రెండు వరుసల్లో రోజులు, వేళలు, చోటు, అతి తక్కువ ధర వచ్చేయాలి. చాలామంది అంతే చదువుతారు. ఏమేం ఉన్నాయో చెప్పేటప్పుడు "అన్ని రకాల పుస్తకాలు" అని రాయకండి. పిల్లల బొమ్మల పుస్తకాలు 90, నవలలు 210 అని రాస్తే నమ్మకం కుదురుతుంది. కింది నమూనాలో చుక్కలున్న చోట మీ వివరాలు నింపుకోండి.

> పాత పుస్తకాల అమ్మకం, పుస్తకాల మార్పిడి
> శని, ఆదివారాలు (తేదీలు …), ఉదయం 10 నుంచి రాత్రి 7 దాకా. చోటు: …
> ధరలు … నుంచి మొదలు. 600 పుస్తకాలు. ప్రతి పుస్తకం పేజీలన్నీ చూసి పెట్టాం.
>
> పసుపు చీటీ ఉంటే …, ఆకుపచ్చ చీటీ ఉంటే …, ఎరుపు చీటీ ఉంటే …. అట్ట మీద ఏ ధర ఉన్నా ఇవే ధరలు, బేరం లేదు. అరుదైన పుస్తకాలు కొన్ని విడి ధరకు వేరే బల్ల మీద ఉంటాయి.
>
> నవలలు 210, కథలు, కవిత్వం 120, పిల్లల పుస్తకాలు 90, చరిత్ర, జీవితచరిత్రలు 80, మిగతావి 100.
>
> మీ పుస్తకం తెండి: ఒక్కొక్కరి నుంచి మూడింటి దాకా తీసుకుంటాం. చూసి పసుపు లేదా ఆకుపచ్చ టోకెన్ ఇస్తాం. ఆ రంగు పుస్తకం ఒకటి మీది. పై రంగు కావాలంటే తేడా కట్టాలి. ఎరుపు చీటీవి మార్పిడికి లేవు. టోకెన్‌కు డబ్బు ఇవ్వం. మార్పిడికి పుస్తకాలు తీసుకునేది ఆదివారం మధ్యాహ్నం 12 దాకా.
>
> తీసుకోనివి: జిరాక్స్ ప్రతులు, దొంగ ముద్రణలు, పాత సిలబస్ పుస్తకాలు, గైడ్లు, విడి మ్యాగజైన్లు, గ్రంథాలయానివి, తడిసినవి, పురుగు పట్టినవి.
> తెచ్చే ముందు పేజీల మధ్య మీ ఉత్తరాలు, ఫొటోలు ఉన్నాయేమో చూసుకోండి.
>
> ఆదివారం 5 నుంచి 7 దాకా: మేమిచ్చే సంచి నిండా పసుపు చీటీ పుస్తకాలు, సంచికి ….
> ముందే తీసి పక్కన పెట్టడం లేదు. చెల్లింపు: నగదు, ….

"పక్కన పెట్టడం లేదు" అన్న వాక్యం తీసేయాలనిపిస్తుంది, తీయకండి. ఫొటోలో ఎరుపు పుస్తకం చూసి "నాకు ఉంచండి" అని అడిగేవాళ్లు పదిమంది ఉంటారు. వాళ్లలో కొందరు రారు. ఆ పుస్తకం కోసం పొద్దున్నే వచ్చి నిలబడ్డ మనిషికి లేదని చెప్పాల్సి వస్తుంది.

ఫొటోలు మూడు నాలుగు చాలు. పుస్తకాలను వెన్నులు కనబడేలా నిలబెట్టి, పగటి వెలుతురులో, పేర్లు చదవడానికి వీలుగా దగ్గరి నుంచి తీయండి. ఒక ఫొటోలో పాతిక వెన్నుల కన్నా ఎక్కువ పెట్టొద్దు. చదివేవాళ్లు ఆ పేర్ల మీద వేలు పెట్టి వెతుకుతారు, తమకు కావాల్సింది ఒక్కటి కనబడినా బయల్దేరతారు. పరాయి పుస్తకాల బొమ్మలు వాడొద్దు, ఫొటోలో ఉన్నది బల్ల మీద ఉండితీరాలి.

ప్రకటన బుధవారమో గురువారమో వెళ్లాలి. మరీ ముందు వేస్తే మరిచిపోతారు, శుక్రవారం రాత్రి వేస్తే వాళ్ల శనివారం ఎలా గడవాలో అప్పటికే తేలిపోయి ఉంటుంది. మార్పిడికి ఇంట్లో పుస్తకాలు ఏరుకోవడానికీ వాళ్లకు రెండు రోజులు కావాలి. పంపే ముందు పుస్తకాలతో సంబంధం లేని ఒకరికి చదివి వినిపించి "నువ్వు రెండు ఆకుపచ్చ పుస్తకాలు, ఒక పసుపు పుస్తకం కొని, ఒక పసుపు టోకెన్ ఇస్తే ఎంత కట్టాలి?" అని అడగండి. ఆరు వంతులని చెప్పగలిగితే ప్రకటన సరిగ్గా ఉంది. తడబడితే శ్లాబుల పేరా మళ్లీ రాయండి.

శనివారం రాత్రి మూశాక ఇంకో చిన్న ప్రకటన వేయండి. ఏ రకం అయిపోయింది, మార్పిడిలో కొత్తగా ఏమొచ్చాయి, ఎరుపు చీటీవి ఎన్ని మిగిలాయి అన్నవి నాలుగు వరుసల్లో చెప్పి, ఆ రోజు వచ్చిన పుస్తకాల వెన్నుల ఫొటో ఒకటి పెట్టండి. పిల్లల పుస్తకాలు అయిపోతే ఆ మాట తప్పకుండా రాయండి, పిల్లల్ని వెంటబెట్టుకుని అంత దూరం వచ్చినవాళ్లు ఖాళీ బల్ల చూసి తిరిగి వెళ్లకూడదు.